మామిడితోటల అవతలికి మూడు డిగ్రీలు

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "సెల్ టవర్లలో పనండీ" అని చెప్పి ఊరుకుంటుంది. అడిగినవాళ్ళు నన్నూ నా చీరనూ ఎగాదిగా చూసి "టవర్ ఎక్కుతావా అమ్మాయ్?" అంటారు. ఎక్కను. ఎక్కేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకి దేవుడు గుండె వేరుగా పెట్టాడు. కొత్తగా ఒక ప్రాంతానికి సిగ్నల్ ఇవ్వాలంటే టవర్ ఎక్కడ నిలబెట్టాలి, దాని మీద యాంటెన్నాలు ఏ దిక్కు చూడాలి, ఎంత కిందికి వంగాలి అని లెక్క కట్టడం నా పని. చెబితే ఇంతే. చేయడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది. లెక్క తప్పినందుకు కాదు. లెక్క సరిగ్గా వచ్చాక దాన్ని మనుషులకి ఒప్పించాల్సి వచ్చినందుకు.

ఒకసారి కొత్త సైటు, అంటే టవర్ పెట్టే చోటు, మా తిరువూరులోనే వచ్చింది. ఊరి బయట కొత్తగా లేచిన కాలనీలకీ, దక్షిణం వైపు మామిడితోటల మధ్య ఉన్న పల్లెలకీ కలిపి ఒకే టవర్. మా ఆఫీసు విజయవాడలో. "మీ సొంతూరే కదా మేడం, తేలిగ్గా అయిపోతుంది" అని ఫైలు నా వైపు నెట్టారు మా మేనేజరు గారు. ఆయన పాపం సిటీలో పుట్టి పెరిగిన మనిషి. సొంతూళ్ళో పని ఎంత తేలికో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

టవర్‌కి స్థలం ఇవ్వడానికి ఒక మామిడితోట రైతు ముందుకొచ్చారు. మెరక మీద స్థలం, చుట్టూ నేల కిందికి దిగుతుంది, మాకు కావలసింది అదే. నేను కొలతలు వేసి ఒక మూల గుర్తు పెట్టాను. మర్నాడు వెళ్ళేసరికి ఆ గుర్తు మీద ఆవుపేడ ఉంది, పక్కన వాస్తు సిద్ధాంతి గారు ఉన్నారు.

"ఈశాన్యంలో బరువు పెడితే ఇంటి యజమానికి అరిష్టం. నైరుతిలో పెట్టుకోండమ్మా," అన్నారాయన, నాకు వరమిస్తున్నట్టు.

"యజమాని బాగుండాలి కదండీ," అని నైరుతికి మార్చాను. రేడియో తరంగాలకి వాస్తు పట్టింపు లేదు. పాతిక అడుగుల తేడాతో నా లెక్క ఏమీ కదలదు. నాకు ఒళ్ళు మండింది మాత్రం ఆ తర్వాత.

రైతు గారు నన్ను చాటుకి పిలిచారు. "అమ్మాయ్, స్థలం ఇచ్చింది నేను. ఒక యాంటెన్నా మా ఇంటి వైపు తిప్పించు. మా అల్లుడొస్తే నెట్ రావట్లేదని మొహం ముడుచుకుంటున్నాడు."

ఆయన అటు వెళ్ళగానే వాళ్ళావిడ మజ్జిగ గ్లాసుతో వచ్చి గొంతు తగ్గించింది. "చూడమ్మా, ఆ యాంటెన్నాలు మా ఇంటి వైపు మాత్రం చూడకుండా పెట్టించు. రేడియేషనంట. ఆయనకి చెప్పకు."

ఇద్దరికీ "అలాగేనండీ" అన్నాను. ఇద్దరికీ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను కూడా. టవర్ పక్కనే ఉన్న ఇంటికి ఏ యాంటెన్నా ఎటు చూసినా ఒకటే. అసలు తరంగం వాళ్ళ నెత్తి మీదుగా పోతుంది, అల్లుడి నెట్‌కి సరిపడా చిల్లర మాత్రం అంచుల్లోంచి కిందికి రాలుతుంది. ఆయన తన కోసం తిప్పించానని సంతోషించారు, ఆవిడ తన కోసం తిప్పించలేదని సంతోషించింది. నా వృత్తి జీవితంలో ఇద్దరు కస్టమర్లు ఏకకాలంలో తృప్తి పడటం అదొక్కసారే.

టవర్ మీద మామూలుగా మూడు వైపులకి మూడు యాంటెన్నాలుంటాయి. ఒక్కొక్కటి చుట్టూ ఉన్న నేలలో మూడో వంతు చూసుకుంటుంది. ఆ వంతునే మేం సెక్టారు అంటాం. హెడ్డాఫీసు కంప్యూటరు ప్రతి టవర్‌కీ ఒకే జాతకం రాసి పంపుతుంది: ఒకటి నేరుగా ఉత్తరానికి, రెండోది దాన్నుంచి నూట ఇరవై డిగ్రీలు, మూడోది మరో నూట ఇరవై. వంపు అన్నిటికీ ఆరు డిగ్రీలు. ఆ కంప్యూటరు తిరువూరు చూడలేదు. దాని దృష్టిలో జనం టవర్ చుట్టూ సమానంగా, గుండ్రంగా, పద్ధతిగా కాపురం ఉంటారు.

మూడో సెక్టారు దగ్గరే నా తగువంతా వచ్చింది. కాగితం ప్రకారం అది నైరుతికీ పడమరకీ మధ్య చూడాలి. ఆ వైపు మూడున్నాయి. దక్షిణం ఎక్కువగా ఉన్న నైరుతిలో రెండు కిలోమీటర్ల దూరాన, పల్లంలో, తోటల వెనక ఒక చిన్న పల్లె. నేరుగా పడమర వైపు దగ్గర్లోనే ఒక రియల్ ఎస్టేట్ వెంచరు. అదే పడమర దిక్కున దూరంగా, మా కంపెనీదే ఇంకో పాత టవర్.

ఆ పల్లె పేరు రాయను, అక్కడివాళ్ళకి నా మీద ఇప్పటికే చాలా ఫిర్యాదులున్నాయి. ఎక్కడ సిగ్నల్ ఉంది, ఎక్కడ లేదు అని తెలుసుకోవడానికి మేం కారులో ఫోన్లు పెట్టుకుని రోడ్ల వెంబడి తిరుగుతాం. విస్సన్నపేట నుంచి మాట్లాడుకున్న కారు అది. తోటల మధ్య డొంక మొదలయ్యే దగ్గర డ్రైవరు బండి ఆపేశాడు.

"ఇందులోకి పోదు మేడం. అద్దాలు గీసుకుపోతాయి."

"మరి లోపల ఊరుంది కదయ్యా."

"పోయినేడు వచ్చిన సార్లు కూడా ఇక్కడి నుంచే తిప్పుకున్నారు మేడం."

అప్పుడర్థమైంది, మా మ్యాపులో ఆ పల్లె మీద ఏ రంగూ ఎందుకు లేదో. కారు పోయిన చోట పచ్చ, పసుపు, ఎరుపు ఏదో ఒకటి పడుతుంది. కారు పోని చోట ఖాళీగా ఉంటుంది. ఖాళీని చూసి మా ఆఫీసు పెద్దవాళ్ళు సమస్య లేదనుకుంటారు. నేను దిగి ఫోను చేత్తో పట్టుకుని నడిచాను.

పల్లెలోకి వెళ్ళగానే మొదట కనిపించింది మంచినీళ్ళ ట్యాంకు. దాని ఇనుప నిచ్చెన మీద ఒకావిడ ఉంది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవికి నొక్కుకుని గట్టిగా మాట్లాడుతోంది. కింద నిలబడ్డ ఒక ముసలాయన తన వంతు కోసం చూస్తున్నాడు. ఆవిడ ఆ ఊరి హెల్త్ సబ్‌సెంటర్లో నర్సు. ఊరంతా సిస్టర్ గారంటారు.

దిగొచ్చి నన్నూ నా చేతిలో ఫోనునూ చూసి, "వందనాలమ్మా. టవరోళ్ళా?" అంది.

అవునన్నాను.

"ఇదివరకు కూడా వచ్చారు. ఫొటోలు తీసుకెళ్ళారు. ట్యాంకు బాగుందన్నారు."

అసలు సంగతి ఆవిడే చెప్పింది. కాన్పు కష్టమైతే అంబులెన్సు పిలవాలి. పిలవాలంటే ఈ నిచ్చెనెక్కాలి. ఎక్కితే అక్కడ నొప్పులు పడుతున్న మనిషి దగ్గర ఎవరూ ఉండరు. ఎక్కకపోతే అంబులెన్సు రాదు. "రెండు చోట్లా నేనే ఉండాలంటే ఎలాగమ్మా? వానాకాలంలో కమ్మీలు జారుతున్నాయి. నాకు పెద్ద నెట్టూ అదీ అక్కర్లేదు. నా గదిలో కూర్చుని ఒక్క ఫోను చేయగలిగితే చాలు."

ఆ గది చూశాను. కాంక్రీటు శ్లాబు, ఒక మంచం, గోడకి టీకాల చార్టు, ఒకే కిటికీ, ఆ కిటికీకి ఎదురుగా మామిడి కొమ్మ. నా చేతిలో ఫోను ఆ గదిలో పూర్తిగా చచ్చిపోయింది. ఆ గదిలోంచి ఒక్క ఫోను పోవాలి. ఆ సైటుకి సంబంధించినంతవరకు నాకు పని అదొక్కటే అని అక్కడే నిర్ణయించుకున్నాను. మా మేనేజరు గారి నిర్ణయాలు వేరే ఉన్నాయి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, భయపడకండి. మేం లింక్ బడ్జెట్ అంటాం. పేరు గొప్పగా ఉంటుంది కానీ నెల జీతం మీద సంసారం నడిపిన ఏ ఇల్లాలికైనా తెలిసిన విషయమే. టవర్ కొంత శక్తితో తరంగాన్ని పంపుతుంది. యాంటెన్నా దాన్ని ఒక వైపుకి కూడగట్టి ఇంకాస్త పెంచుతుంది. అక్కడి నుంచి అన్నీ ఖర్చులే. దూరం పెద్ద వాటా తినేస్తుంది. చెట్ల ఆకులు కొంత. శ్లాబూ గోడలూ కొంత. ఫోను చెవికి ఆనించిన మనిషి తల కూడా కొంత. ఇవన్నీ పోగా మిగిలినది ఫోను వినగలిగినంత ఉండాలి. ఇది ఒక వైపు. రెండో వైపు ఫోను మాట టవర్‌కి చేరాలి. ఖర్చులు అవే, సంపాదనే తేడా. టవర్ వేసే కేకలో ఫోను గొంతు రెండొందలో వంతు కూడా ఉండదు. అందుకే పల్లెల్లో చాలాసార్లు ఫోను మీద గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం అవతలికి పోదు. గీతలు చెప్పేది మనం వింటున్నామని. మనల్ని ఎవరైనా వింటున్నారా అన్నది అవి చెప్పవు.

హెడ్డాఫీసు బడ్జెట్‌లో ఆ పల్లెకి కావలసినంత మిగులు కనిపించింది. నాకు అనుమానం వచ్చి తవ్వాను. వాళ్ళ నేల మ్యాపులో ఆ తోటలన్నీ చెట్లు లేని పొలాలుగా రాసి ఉన్నాయి. ఏ కాలంలో తీసిన ఫొటో చూసి రాశారో, అప్పటికి మొక్కలు మోకాలెత్తు ఉండి ఉంటాయి. మామిడి ఏ కాలంలోనూ ఆకంతా రాల్చదు. ఇప్పుడు అక్కడ నడుస్తుంటే మధ్యాహ్నం కూడా నెత్తి మీద ఎండ పడదు. రెండు కిలోమీటర్ల దారిలో సగానికి పైగా మామిడి గుబుర్లే. కంప్యూటరు ఆ ఖర్చుని సున్నాగా వేసుకుని మిగులు చూపించి గర్వపడుతోంది. చెట్ల ఖర్చు వేసి మళ్ళీ కట్టాను. మిగులు ఆవిరైపోయింది. యాంటెన్నా సరిగ్గా ఆ పల్లె వైపు తిరిగితే, వంపు తగ్గితే, ఆ గదికి బొటాబొటిగా సరిపోతుంది. లేదంటే లేదు.

విజయవాడ వెళ్ళి మేనేజరు గారి ముందు పెట్టాను. ఆయన మంచివారే. నా మాట మొత్తం విన్నారు, టీ తెప్పించారు, ఆ తర్వాత కాదన్నారు.

"మూడో సెక్టారుని అంత దక్షిణానికి తిప్పితే వెంచరు ఏమైపోవాలి? మార్కెటింగ్ వాళ్ళు దాన్ని హై పొటెన్షియల్ అని గుర్తు పెట్టారు మేడం."

"అక్కడ ఎవరున్నారు సార్?"

"రేపు ఉంటారు."

ఆ వెంచరు నేను చూశాను. పెద్ద ఆర్చి, దాని మీద రెండు సిమెంటు ఏనుగులు, లోపల వరసగా రాళ్ళు, రాళ్ళకి రంగురంగుల జెండాలు. మేకలు తప్ప ప్రాణి లేదు. మేకలు కూడా అక్కడ ఉండటం లేదు, మేసి పోతున్నాయి. ఇదే మాట అంటే బాగుండదని లెక్కతోనే మాట్లాడాను. వెంచరు టవర్‌కి దగ్గర. మధ్యలో చెట్టు లేదు, గోడ లేదు. యాంటెన్నా పక్కకి చూస్తున్నా దాని అంచు తరంగమే అక్కడికి పుష్కలంగా చాలు. ఖర్చుల్లేని ఇంటికి చిన్న జీతం చాలినట్టు.

"ఇంకో లాభం కూడా ఉంది సార్. ఇప్పుడున్న దిక్కున పెడితే మన పాత టవర్ మీదకి కూడా బలంగా కొడుతుంది. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. దక్షిణానికి తిప్పితే పాత టవర్ దీని పక్కచూపులో పడుతుంది. అటు గొడవ బాగా తగ్గుతుంది."

ఆయన ఈ మాటకి కదిలారు. పల్లె మాట ఎత్తినప్పుడు కదలని మనిషి, రెండు టవర్లు దెబ్బలాడుకుంటాయనేసరికి కుర్చీలో ముందుకు జరిగారు. దిక్కు మార్చడానికి ఒప్పుకున్నారు. వంపు దగ్గర మళ్ళీ మొండికేశారు.

యాంటెన్నా నుంచి వచ్చే తరంగం అట్టు లాంటిది. పక్కలకి వెడల్పు, మందం తక్కువ. ఆ అట్టుని ఎంత వంచి పట్టుకుంటే అంత దగ్గర్లో నేలకి ఆనుతుంది. మా మెరక, టవర్ ఎత్తు కలిపితే ఆ పల్లె టవర్ తల నుంచి రెండు డిగ్రీల లోపు వాలులో ఉంది. ఆరు డిగ్రీలు వంచితే అట్టు నడిభాగం అర కిలోమీటరు దగ్గరే నేల మీద పడుతుంది. పల్లె దాకా పోయేది పై అంచు కూడా కాదు, దాని చిరుగులు. పూర్తిగా ఎత్తేస్తే పల్లె దాటి ఎక్కడెక్కడికో పోయి ఊళ్ళ మీద పడుతుంది. మూడు దగ్గర పెడితే తోటల మొదట్లో నడిభాగం, పల్లె మీద మంచి అంచు.

"వంపెందుకు, పవర్ పెంచుదాం," అన్నారు.

"టవర్ గట్టిగా అరిస్తే ఆ ఊళ్ళో గీతలు పెరుగుతాయి సార్. సిస్టర్ గారి ఫోను గొంతు మాత్రం పెరగదు. ఆవిడ ఫోను చేయాలి, వినడం కాదు."

"ఆ ఊరికి విడిగా చిన్న సైటు అడిగితే?"

"అడిగాం సార్. జనాభా చాలదన్నారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, మూడు పెట్టండి. కానీ రిపోర్టు పాడైతే నన్ను అనొద్దు," అన్నారు. రిపోర్టు ఎందుకు పాడవుతుందో ఆయనకి అప్పటికే తెలుసు. అనుభవం ఉన్న మనిషి కదా.

యాంటెన్నాలు బిగించే రోజు నేను కింద నిలబడ్డాను. దిక్సూచి పట్టుకుని టవర్ మీద నిలబడితే అంత ఇనుము మధ్య అది దారి తప్పుతుంది. ఇది తెలిసినా చాలామంది అలాగే చూసి బిగించేస్తారు, ఆ తర్వాత సిగ్నల్ పక్క ఊరికి పోతుంది. అందుకని నేను దూరంగా పొలంలో నిలబడి లెక్క చూసుకున్నాను. పైనున్న అతనికి పల్లె కనపడదు కానీ తోటల మీదుగా అక్కడి చర్చి శిలువ కొన కనిపిస్తుంది. "శిలువకి కాస్త ఎడమగా" అని ఫోన్లో చెప్పాను. అతను "ప్రభువా" అనుకుంటూ నట్లు బిగించాడు. వంపు ఎలక్ట్రికల్. అంటే యాంటెన్నా కదలదు, లోపలి ఏర్పాటే తరంగాన్ని కిందికి దించుతుంది. విజయవాడ ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లో అంకె మారిస్తే చాలు, వంపు మారిపోతుంది. ఎంత సౌకర్యమో. ఒక ఊరికి ఫోను ఇవ్వడానికి ఇన్నాళ్ళు పట్టింది, తీసేయడానికి ఒక్క అంకె చాలు.

టవర్ పని చేయడం మొదలుపెట్టాక ఆ గదికి వెళ్ళాను. ఫోను మీద రెండు గీతలు. కిటికీ దగ్గర కూర్చుంటే ఫోను కలిసింది, మాట వినిపించింది. మంచం దగ్గరికి జరిగితే ఒకసారి కలిసింది, ఒకసారి తెగింది. నా గుండె నిండిపోయింది. సిస్టర్ గారి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"రెండేనా? మా అక్క వాళ్ళ పెనుగొలనులో నిండా ఉంటాయే," అంది.

నాకు నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. "ఈ గదిలోంచి ఒక్క ఫోను చాలన్నారు కదండీ," అన్నాను.

"అప్పుడు లేదు గనక అన్నాను," అంది ఆవిడ నిదానంగా. అదీ న్యాయమే.

మా మేనేజరు గారు భయపడ్డదే జరిగింది. నెల తిరిగేసరికి రిపోర్టులో తిరువూరు మూడో సెక్టారు ఎర్రగా వచ్చింది. మాట మధ్యలో తెగిపోయిన ఫోన్ల శాతం హద్దు దాటింది. ఇందులో ఒక తమాషా ఉంది, బయటివాళ్ళెవరికీ తెలియదు. ఫోను కలిసి తెగితే అది మా లెక్కలో పడుతుంది. అసలు సిగ్నలే లేక ఫోను కలవకపోతే, ఆ ఫోను ప్రయత్నం చేసినట్టు కూడా టవర్‌కి తెలియదు. తెలియనిది లెక్కకి రాదు. నర్సు నిచ్చెన ఎక్కిన రోజుల్లో ఆ పల్లె మా కాగితాల్లో మచ్చలేని ఊరు. ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క తెగిన ఫోను లేదు. ఇప్పుడు జనం గదుల్లోంచి, తోటల్లోంచి, సిగ్నల్ అంచు మీద కూర్చుని మాట్లాడుతున్నారు. పదిసార్లు చేస్తే ఒకటో రెండో తెగుతున్నాయి. ఊరికి మేలు జరిగే కొద్దీ నా రిపోర్టు ఎర్రబడుతోంది. ఏ ఊరికీ ఫోను ఇవ్వని టవర్ ఒకటి కడితే నాకు అవార్డు ఖాయం.

నెలవారీ సమీక్షకి పిలిచారు. పెద్ద గది, గోడ మీద తెర, తెర మీద మిగతా సైట్లన్నీ పచ్చగా, మధ్యలో నాదొకటి ఎర్రగా. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద సారు కూడా ఉన్నారు. మా మేనేజరు గారు నా మొహం చూడకుండా మాట్లాడారు.

"మేడం, సాయంత్రానికి ఆరు డిగ్రీలకి దించేయండి. పచ్చబడుతుంది."

"పచ్చబడుతుంది సార్. ఆ ఊళ్ళో ఫోన్లే కలవవు, తెగే ఫోను ఒక్కటీ ఉండదు."

"ఆ ఊరికి ఇంతకుముందు లేదు కదా. కొత్తగా మనం తీసేసేదేముంది?"

నాకు కళ్ళ వెంట నీళ్ళు రాబోయాయి, బాధతో కాదు, ఉక్రోషంతో. నేను లెక్కలు చూపిస్తే అందరూ లెక్కలతోనే సమాధానం చెబుతారని తెలుసు. చాలాసార్లు నేనూ అలాగే చెప్పి ఉంటాను. "ఒక్క ఫోను చేయనివ్వండి సార్," అని సిస్టర్ గారికి చేసి, స్పీకరు పెట్టి బల్ల మధ్యలో పెట్టాను.

ఆవిడ గదిలోనే ఉంది. "వందనాలమ్మా. నేనే చేద్దామనుకుంటున్నా. మీ ఫోను మాటిమాటికీ తెగిపోతోంది, ఏంటిది?" అని మొదలుపెట్టింది. పెద్ద సారు మా మేనేజరు గారి వైపు చూశారు. మా మేనేజరు గారు, చూశారా నేను చెప్పింది, అన్నట్టు తల ఆడించారు.

"మా సార్లు వింటున్నారండి. ఏమైందో చెప్పండి," అన్నాను.

"పోయిన వారం మధ్యాహ్నం పూట ఒకమ్మాయికి తొలికాన్పు. నెలలు కూడా నిండలేదు. మొగుడు మిరపకోతకి పోయాడు, అత్త భయపడి వాకిట్లో కూలబడింది. నేనొక్కదాన్నే. కాన్పయింది కానీ రక్తం ఆగట్లేదు. ఒక చేత్తో పొట్ట నొక్కిపట్టుకుని, ఇంకో చేత్తో అంబులెన్సుకి ఫోను చేశాను. కలిసింది. ఊరి పేరు చెప్పాను, ఏ రోడ్డు నుంచి రావాలో చెప్తున్నా, తెగిపోయింది. మళ్ళీ చేద్దామంటే చెయ్యి తీయడానికి లేదు. ఆ అమ్మాయి మొహం తెల్లగా పాలిపోయింది. నా చేతుల్లోనే ఇంక..."

ఫోను తెగిపోయింది.

తెర మీద ఎర్ర గడి అలాగే ఉంది. బల్ల మీద నా ఫోను అలాగే ఉంది. నేను మళ్ళీ చేశాను, అందుబాటులో లేదంది. ఇంకోసారి చేశాను, అదే మాట. మా మేనేజరు గారు కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు, చేత్తో పట్టుకుని కూర్చున్నారు. పెద్ద సారు "అంచు మీద ఉండి ఉంటారు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. నా పక్కన కూర్చుని ఫోన్ల లెక్క చూస్తున్న కుర్రాడు లాప్‌టాప్ మూసేశాడు. అంతమంది ఇంజినీర్లం కూర్చుని, ఒక ఫోను మోగాలని అంతలా ఎదురుచూడటం నేను ఆ రోజే చూశాను. ఆ అమ్మాయి బతికిందో లేదో నాకూ తెలియదు.

"ఇంకోసారి చేయండి మేడం," అన్నారు మా మేనేజరు గారు. ఆ గొంతు నాకు కొత్త.

నేను చేసేలోపే మోగింది. మా మేనేజరు గారి చెయ్యి నా కంటే ముందు ఫోను మీద పడింది.

"అమ్మా, చెప్పండమ్మా."

"కిటికీ దగ్గరికి వచ్చానండీ. ఎక్కడిదాకా చెప్పాను?"

"ఆ అమ్మాయి మొహం తెల్లగా..." అని ఆయన ఆగిపోయారు.

"ఆఁ. ఏం చేస్తాం, ప్రార్థన చేసుకుంటూ నొక్కిపట్టుకునే ఉన్నా. ఊరి పేరు ఒక్కటే విన్నారు కదా, దాంతోనే వెతుక్కుంటూ వచ్చేశారు అంబులెన్సోళ్ళు. తిరువూరు ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. తల్లీ పిల్లా ఇంటికొచ్చారు నిన్న. ఆడపిల్ల. ఇంతకీ మీరెవరండీ?"

"ఆఫీసు నుంచమ్మా," అన్నారాయన.

"మీకే చెప్పాలి అయితే. ఆ తెగేదొక్కటీ కాస్త చూడండి బాబూ. నిచ్చెనెక్కే పని తప్పింది, అది చాలు గానీ, చెప్పేమాట పూర్తిగా చెప్పనివ్వాలి కదా."

"చూస్తామమ్మా," అన్నారాయన. ఫోను పెట్టేసి, కళ్ళజోడు పెట్టుకుని, తెర మీద ఎర్ర గడి వైపు చూశారు. ఆ అమ్మాయి కోసం చేసిన ఫోను కూడా అందులోనే ఉంది, తెగినవాటి లెక్కలో, మా వైఫల్యాల కింద.

"తర్వాతి సైటు చూపించండి," అన్నారు పెద్ద సారు. వంపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.